కొత్త ఇంటర్న్‌కు ఆఫీసు మాటలు: డెలివరబుల్, బ్యాండ్‌విడ్త్, సింక్, సర్కిల్ బ్యాక్ – తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో మాది ఎనిమిది మంది పనిచేసే చిన్న ఆఫీసు. రొయ్యల రైతులు నోటు పుస్తకాల్లో రాసుకునే లెక్కలను కంప్యూటరులోకి ఎక్కించి, కొనుగోలుదారులకు పనికొచ్చే పట్టికలుగా తయారుచేసి ఇవ్వడం మా పని. ప్రతి వేసవిలో ఇద్దరు ముగ్గురు ఇంజనీరింగు విద్యార్థులు ఇంటర్న్‌షిప్‌కు వస్తారు. కావలి, ఆత్మకూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చే ఈ పిల్లలకు పని నేర్చుకోవడం అంత కష్టం కాదు. మొదటి వారం వాళ్లను ఇబ్బంది పెట్టేది పని గురించి మేము వాడే మాటలే. వాళ్లు నన్ను అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలను ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. మాటలు ఎన్నో ఉన్నా, ఒక ఇంటర్న్ వారాన్ని నడిపించేవి ముఖ్యంగా ఈ నాలుగే కనుక వీటినే వివరంగా చూద్దాం.

డెలివరబుల్ అంటే నాకు ఇచ్చిన పనే కదా? కొత్త పేరు ఎందుకు?

పని వేరు, డెలివరబుల్ వేరు. మీరు రోజంతా చేసేది పని. ఆ పని ముగిసిన తరువాత ఇంకొకరి చేతికి అప్పజెప్పేది, వాళ్లు తెరిచి చూసి ‘సరిగ్గా ఉంది’ అనో ‘లేదు’ అనో చెప్పగలిగేది డెలివరబుల్. ఒక ఫైలు, ఒక నివేదిక, పనిచేసే ఒక స్క్రీను, సంతకం పడిన ఒక కాగితం ఇవన్నీ డెలివరబుల్స్ అవుతాయి. ‘డేటా ఎంట్రీ చేస్తున్నాను’ అనేది డెలివరబుల్ కాదు, ఎందుకంటే దానిని ఎవరూ చేతిలోకి తీసుకుని సరిచూడలేరు.

దర్జీకి గుడ్డ ఇచ్చినప్పుడు మనం ఏం మాట్లాడుకుంటామో గుర్తు చేసుకోండి. కొలత చెబుతాం, లైనింగు వేయాలో వద్దో చెబుతాం, ఏ రోజుకు కావాలో చెబుతాం, ఎవరు వచ్చి తీసుకుంటారో కూడా చెబుతాం. ‘కుట్టండి’ అని మాత్రమే చెప్పి ఎవరూ వచ్చేయరు. ఆఫీసులో మాత్రం ‘ఇది ఈ వారం నీ డెలివరబుల్’ అనే ఒక్క వాక్యంతో పని అప్పగించేస్తారు. కొలత, గడువు, తీసుకునే మనిషి ఆ మాట లోపల ఎక్కడో ఉండిపోతాయి. వాటిని అడిగి బయటికి తీయడం ఇంటర్న్ చేయవలసిన మొదటి పని.

అడగకపోతే ఏమవుతుంది? ఒక ఉదాహరణ చెప్పగలరా?

ఒక వేసవిలో కావలి దగ్గరి ఊరి నుంచి మూడో సంవత్సరం బి.టెక్ చదివే అబ్బాయి ఒకరు మా ఆఫీసుకు వచ్చారు. సోమవారం ఉదయం మా టీమ్ లీడ్ మేడం ఆయనతో, ‘పన్నెండు గుంటల పట్టుబడి సమ్మరీ ఈ వారం నీ డెలివరబుల్’ అన్నారు. గుంట అంటే రొయ్యలు పెంచే చెరువు, పట్టుబడి అంటే పెరిగిన రొయ్యలను పట్టి తూచడం. ఆయన ‘సరే మేడం’ అని వెళ్లి కూర్చున్నారు. ఆ తరువాత జరిగినదాన్ని ఈ పేజీ పొడవునా చెబుతాను, ఎందుకంటే ఈ నాలుగు మాటలూ ఆ ఒక్క వారంలోనే ఆయనకు ఎదురయ్యాయి.

రొయ్యల లెక్కలో ‘కౌంట్’ అనే మాట ఉంటుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంట్. నలభై కౌంట్ అంటే కిలోకు నలభై. అరవై కౌంట్ అంటే కిలోకు అరవై, అంటే చిన్న రొయ్య. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. సమ్మరీలో ‘సగటు కౌంట్’ అనే గడి ఒకటి ఉంది. మన అబ్బాయి మొదటి గంటలో నమూనాగా రెండు గుంటలు తీసుకున్నారు. ఒకదానిలో 40 కౌంట్, ఇంకొకదానిలో 60 కౌంట్. రెండూ కలిపి సగం చేసి 50 అని వేశారు. గణితం ప్రకారం ఆ భాగాహారంలో తప్పేమీ లేదు.

అయితే 40 కౌంట్ గుంటలో 3,000 కిలోలు పట్టారు, 60 కౌంట్ గుంటలో 1,000 కిలోలే పట్టారు. మొదటి గుంటలో 1,20,000 రొయ్యలు, రెండో గుంటలో 60,000 రొయ్యలు, మొత్తం 1,80,000. దానిని మొత్తం బరువు 4,000 కిలోలతో భాగిస్తే వచ్చేది 45. కొనుగోలుదారుకు కావలసింది ఈ 45. ఫైలులో 50 అని వెళ్తే, రైతు దగ్గరున్న సరుకు నిజంగా ఉన్నదానికంటే చిన్నదిగా కనిపిస్తుంది. పన్నెండు గుంటలూ పూర్తయి శుక్రవారం నాడు ఈ సంగతి బయటపడి ఉంటే, ఆ వారమంతా చేసిన పని వెనక్కి వచ్చేది. అదృష్టవశాత్తు ఆయన ఆ రోజు మధ్యాహ్నమే వచ్చి, ‘మేడం, సగటు అంటే గుంటల సగటా, బరువును బట్టి సగటా?’ అని అడిగారు. ఈ ప్రశ్న కొలత అడగడం లాంటిది.

అలా అయితే పని ఇచ్చిన వెంటనే ఏమేం అడగాలి?

మూడు సంగతులు తేలితే చాలు: చేతికి వచ్చేది ఏ రూపంలో ఉండాలి, ఎప్పటికి కావాలి, దానిని చూసి ‘సరే’ అనేది ఎవరు. మూడోదాన్ని చాలామంది వదిలేస్తారు. పని చెప్పిన మనిషి, పనిని ఒప్పుకునే మనిషి ఒకరే కావాలని లేదు. మా దగ్గర పని చెప్పేది మేడం. కానీ అంకెలు సరిచూసి ఒప్పుకునేది గుంటల దగ్గరికి వెళ్లి వచ్చే ఫీల్డ్ అన్న. ఆయనకు కావలసిన గడి లేకపోతే మేడంకు నచ్చిన ఫైలు కూడా వెనక్కి వస్తుంది.

అడిగినది నోటిమాటగా వదిలేయకుండా అదే రోజు రెండు వాక్యాల్లో రాసి పంపాలి. మన అబ్బాయి సోమవారం సాయంత్రం పంపిన మెసేజిని తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: ‘మేడం, పన్నెండు గుంటలకు ఒక్కొక్క వరుసతో ఒకే ఎక్సెల్ ఫైలు ఇస్తాను. సగటు కౌంట్ బరువును బట్టి వేస్తాను. శుక్రవారం మధ్యాహ్నం 12 గంటలకు ఫీల్డ్ అన్నకు పంపి, మీకు కాపీ పెడతాను. ఇందులో ఏదైనా మార్చాలంటే చెప్పండి.’ మేడం దానికి ‘ఓకే’ అన్నారు. డెలివరబుల్ అన్న ఒక్క మాటలో ఉండిపోయినవన్నీ ఆ ‘ఓకే’తో ఇద్దరికీ ఒకే రకంగా తెలిశాయి.

‘బ్యాండ్‌విడ్త్ ఉందా?’ అని అడిగితే ఇంటర్నెట్ గురించి అడుగుతున్నారా?

మీ తీరిక గురించి అడుగుతున్నారు. ఈ మాట పుట్టింది మాత్రం తంతి, రేడియోల ప్రపంచంలోనే. ఒక లైను మోయగలిగే అత్యల్ప, అత్యధిక పౌనఃపున్యాల మధ్య ఉన్న వెడల్పును బ్యాండ్‌విడ్త్ అన్నారు. పాత టెలిఫోను లైను మన గొంతును సుమారు 300 హెర్ట్జ్ నుంచి 3,400 హెర్ట్జ్ దాకా మాత్రమే మోసేది. అంటే దాని వెడల్పు 3,100 హెర్ట్జ్. అంతకు మించి పంపితే ఆ మిగతాది అవతలికి చేరదు. తరువాత కంప్యూటర్ల వాళ్లు సెకనుకు ఎంత సమాచారం వెళ్తుందో చెప్పడానికి అదే మాట వాడారు. అక్కడి నుంచి మనిషి దగ్గరికి వచ్చింది: ఒక మనిషి ఒక వారంలో ఎంత పని మోయగలడు, అందులో ఇంకా ఎంత మిగిలి ఉంది అని.

దీనిని ‘ఖాళీగా ఉన్నావా?’ అన్న ప్రశ్నగా తీసుకోకూడదు. ఖాళీగా ఉన్నావా అంటే అవును, కాదు అని చెప్పవచ్చు. బ్యాండ్‌విడ్త్ ఉందా అని అడిగిన మనిషికి నిజంగా కావలసింది ఒక అంకె, గంటల్లో.

నేను చదువు ముగించి మొదటిసారి చెన్నైలోని ఒక ఆఫీసులో చేరినప్పుడు ఒక సీనియర్ ఇదే ప్రశ్న అడిగారు. పెద్దవాళ్లు అడిగితే లేదనకూడదన్న మర్యాదతో ‘ఉంది సార్’ అన్నాను. ఎంత పని అని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆ వారం రెండు పనులూ ఆలస్యమయ్యాయి; నాకు ముందుగా పని ఇచ్చినవారికి నేనిచ్చిన మాట తప్పింది. లేదని చెప్పడం కంటే, చెప్పిన మాట తప్పడం వల్ల అవతలివారికి జరిగే నష్టం పెద్దదని ఆ వారం నాకు అర్థమైంది. అందుకే ఈ ప్రశ్నకు సమాధానం కొంచెం విపులంగా ఇస్తున్నాను.

నా బ్యాండ్‌విడ్త్ ఎంతో నాకు ఎలా తెలుస్తుంది?

ముందు పనిలో ఒక చిన్న ముక్కను గడియారం పెట్టుకుని చేసి చూడాలి. మన అబ్బాయి సోమవారం ఒక గుంట పుస్తకం తీసుకున్నారు. వనామి రకం రొయ్యల పంట ఒకటి సుమారు వంద రోజులు ఉంటుంది కనుక, రోజుకు ఒక వరుస చొప్పున ఆ పుస్తకంలో వంద వరుసలున్నాయి: ఆ రోజు వేసిన మేత, నీటి ఉప్పదనం, చెక్ ట్రేలో మిగిలిన మేత. అన్నీ ఎక్కించడానికి యాభై నిమిషాలు పట్టింది. పన్నెండు గుంటలకు ఆరు వందల నిమిషాలు, అంటే పది గంటలు. సరిచూసుకుని సమ్మరీ వేయడానికి ఇంకో నాలుగు గంటలు పెట్టుకున్నారు. మొత్తం పద్నాలుగు గంటల పని.

ఇక రోజుకు ఎన్ని గంటలున్నాయి? ఉదయం 9.30 నుంచి సాయంత్రం 5.30 దాకా ఎనిమిది గంటలని అనుకుంటాం. అందులో భోజనానికి ఒక గంట, ఉదయం సింక్‌కు, దాని తరువాతి మాటలకు అరగంట, శిక్షణకు గంటన్నర పోతే మిగిలేది ఐదు గంటలే. కొత్తవాళ్లు తప్పుచేసేది ఇక్కడే: ఎనిమిది గంటలతో లెక్క వేసుకుని మాట ఇస్తారు, ఐదు గంటలతో పని చేస్తారు.

మంగళవారం రాత్రికి ఆయన ఏడు గుంటలు పూర్తిచేశారు. బుధవారం ఉదయమంతా శిక్షణలో గడిచింది. మధ్యాహ్నం ఇంకో సీనియర్ అన్న వచ్చి, ‘ఏం అబ్బయా, బ్యాండ్‌విడ్త్ ఉందా? సీడు బిల్లులు సరిచూసే పని ఒకటుంది, ఆరు గంటలు పడుతుంది’ అన్నారు. మిగిలిన ఐదు గుంటలకు నాలుగు గంటల పైచిలుకు, సరిచూడడానికి నాలుగు గంటలు, కలిపి సుమారు ఎనిమిది గంటలు కావాలి. శుక్రవారం మధ్యాహ్నం లోపు చేతిలో ఉన్నవి బుధవారం మూడు, గురువారం ఐదు, శుక్రవారం ఉదయం రెండు, మొత్తం పది. మిగులు రెండు గంటలు.

ఆయన ఇచ్చిన సమాధానం: ‘అన్నా, శుక్రవారం 12 లోపు నాకు రెండు గంటలే మిగులుతాయి. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మొదలుపెడితే సోమవారం సాయంత్రానికి పూర్తిచేసి ఇస్తాను. అంతకుముందే కావాలంటే మేడంతో ఒకసారి మాట్లాడతారా, ఏది ముందో ఆమె చెబుతారు.’ ఇందులో లేదన్న మాట ఎక్కడా లేదు, వట్టి ‘సరే’ కూడా లేదు. ఏది ముందు చేయాలో నిర్ణయించే బరువు ఇంటర్న్ మీద లేదని చివరి వాక్యం మర్యాదగా చెబుతోంది. ఇద్దరు పెద్దల పనుల మధ్య ఇంటర్న్ తీర్పు చెప్పకూడదు. ఆ ఇద్దరినీ మాట్లాడుకోమనాలి.

సింక్ అంటే మీటింగేనా?

చిన్న మీటింగే, కానీ దాని ప్రయోజనం ఒకటే: ఇద్దరికి లేదా నలుగురికి ఒకే పని గురించి ఒకే సమాచారం ఉండేలా చూసుకోవడం. సింక్రనైజ్ అన్న పెద్ద మాటకు ఇది పొట్టి రూపం. దాని మూలం గ్రీకులో ‘కలిసి’, ‘కాలం’ అన్న రెండు మాటలు. సినిమాలో పెదవులకు, గొంతుకు పొంతన కుదరకపోతే సింక్ పోయిందంటాం కదా, అదే భావం. మన భాషలో చెప్పాలంటే మాట కలుపుకోవడం.

ఒక జాగ్రత్త. ఇదే మాట కంప్యూటరు పనిలో ఇంకో అర్థంలో వస్తుంది. ‘షీట్ సింక్ అయిందా?’ అంటే మీ కంప్యూటరులోని ఫైలు, అందరూ చూసే డ్రైవ్‌లోని ఫైలు ఒకటిగా ఉన్నాయా అని. ‘షీట్ మీద సింక్ అవుదామా?’ అంటే కూర్చుని మాట్లాడుకుందామా అని. ‘అయిందా’ అంటే ఫైలు, ‘అవుదామా’ అంటే మనుషులు అని గుర్తుపెట్టుకుంటే సాధారణంగా సరిపోతుంది.

పదిహేను నిమిషాల సింక్‌లో నా వంతు వచ్చినప్పుడు ఏం చెప్పాలి?

నిన్నటి నుంచి ఏది పూర్తయింది, ఈ రోజు ఏది పూర్తవుతుంది, ఎక్కడ ఆగింది. ఈ మూడో సంగతి కోసమే సింక్ పెట్టుకుంటాం, మా పిల్లలు సంకోచించి దాచేది కూడా దానినే. ‘వర్క్ గోయింగ్ ఆన్ మేడం’ అంటే వినేవాళ్లకు ఏమీ తెలియదు.

మంగళవారం మన అబ్బాయి చెప్పినది ఇలా ఉంది: ‘ఒక గుంట పూర్తయింది. ఈ రోజు ఇంకో ఆరు చేస్తాను. తొమ్మిదో నంబరు గుంట పుస్తకంలో పట్టుబడి రోజు పేజీ లేదు. బరువు లేకుండా సగటు వేయలేను. ఫీల్డ్ అన్నా, రైతును అడగడం మీకు వీలవుతుందా?’ ఎవరిని అడుగుతున్నారో పేరు పెట్టి అడగడం చూడండి. ‘ఒక పేజీ మిస్సయింది’ అని గాలిలో వదిలేస్తే నలుగురూ విని, ఇంకొకరు చూసుకుంటారులే అనుకుంటారు.

వివరం పెరిగి, మిగతావాళ్లు వేచి ఉండవలసి వస్తే ఎవరో ఒకరు ‘టేక్ ఇట్ ఆఫ్‌లైన్’ అంటారు. మీ ఇద్దరూ తరువాత విడిగా మాట్లాడుకోండి అని దానికి అర్థం. ఇంటర్నెట్ ఆపేయడంతోగానీ, మీపై కోపంతోగానీ సంబంధం లేదు.

‘సర్కిల్ బ్యాక్ చేద్దాం’ అన్నారు. ఎప్పుడు? ఎవరు?

ఈ నాలుగింటిలో నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే, సమాధానం తేలికగా చెప్పలేనిది కూడా ఇదే. మాటకు అర్థం, చుట్టూ తిరిగి ఈ విషయం దగ్గరికే మళ్లీ వద్దామని. అయితే తెలుగువాళ్లకు దీనిని అర్థం చేసుకోవడానికి నిఘంటువు అక్కరలేదు, ఎందుకంటే మనకు ‘చూద్దాం’ ఉంది.

చిన్నప్పుడు సైకిలు కొనిపెట్టమని నాన్నను అడిగితే ఆయన మూడు రకాలుగా సమాధానం చెప్పేవారు. ‘నెల జీతం రానీ, చూసి చెప్తా’ అంటే ఆయన మనసులో తేదీ ఉంది. ‘చూద్దాం’ అంటే ఇంకా ఏమీ అనుకోలేదు, మళ్లీ అడగవచ్చు. ‘చూద్దాంలే’ అంటే వద్దని చెప్పడం ఇష్టంలేక అన్నది. ఒక్క ‘లే’తో మన ఇళ్లలో పిల్లలకు సంగతి తెలిసిపోతుంది. ఆంగ్లంలో ఆ ‘లే’ వినపడదు. మూడింటికీ సర్కిల్ బ్యాక్ అనే మాటే వాడతారు. కాబట్టి ఏది ఏదో మాట చుట్టూ ఉన్నవాటిని బట్టి పోల్చుకోవాలి.

తేదీ ఉందా, ఎవరు తిరిగి వస్తారో చెప్పారా అన్న రెండిటినీ చూడండి. ‘గురువారం రైతుతో మాట్లాడాక నేను సర్కిల్ బ్యాక్ అవుతాను’ అంటే రెండూ ఉన్నాయి. అది మాట ఇచ్చినట్టే. ‘వచ్చే వారం సర్కిల్ బ్యాక్ అవుదాం’ అంటే తేదీ సగం ఉంది, మనిషి లేడు. ‘అవుదాం’ అన్నారంటే ఆ పని ఇద్దరిదీ, అంటే ప్రస్తుతానికి ఎవరిదీ కాదు. అలాంటప్పుడు దానిని మీదిగా తీసుకోవడం మంచిది, ఎందుకంటే తేలవలసిన ఆ సంగతి అవసరం మీ పనికే. తేదీ, మనిషి రెండూ లేకుండా, ఆ తరువాత వెంటనే మాట ఇంకో విషయంలోకి వెళ్లిపోతే, అది బహుశా ‘చూద్దాంలే’.

తొమ్మిదో గుంట పేజీ గురించి మంగళవారం ఫీల్డ్ అన్న అన్నది రెండో రకం: ‘సరే అబ్బయా, దాని మీద సర్కిల్ బ్యాక్ అవుదాం.’ మన అబ్బాయి ఆ పూటే మెసేజి పెట్టారు: ‘అన్నా, తొమ్మిదో గుంట బరువు కోసం గురువారం ఉదయం 11 గంటలకు నేనే మిమ్మల్ని మళ్లీ అడుగుతాను.’ తేదీని, మనిషిని తానే పూరించారు. ఇందులో అవతలివారిపై ఒత్తిడి లేదు, మరచిపోయే వీలూ లేదు.

మళ్లీ మళ్లీ గుర్తుచేస్తే విసుక్కోరా? ఎన్నిసార్లు అడగవచ్చు?

చెప్పిన సమయానికి ఒకసారి అడగడం బాధ్యతే. అప్పటికీ తేలకపోతే రెండోసారి అడుగుతూ, అది లేకపోతే మీ పనిలో ఏది ఆగుతుందో చెప్పండి. మూడోసారి అడిగే బదులు, అది లేకుండానే ఏం చేయబోతున్నారో చెప్పండి.

గురువారం 11 గంటలకు అడిగితే ఫీల్డ్ అన్న గుంటల దగ్గర ఉన్నారు, రైతు ఊళ్లో లేరని చెప్పారు. సాయంత్రం నాలుగు గంటలకు మన అబ్బాయి ఇలా రాశారు: ‘అన్నా, తొమ్మిదో గుంట బరువు రేపు ఉదయం పది లోపు రాకపోతే, పదకొండు గుంటలతో సగటు వేసి, తొమ్మిదో వరుస ఖాళీగా పెట్టి, పక్కన “బరువు రావాలి” అని రాసి పంపుతాను. మేడంకు కూడా చెబుతున్నాను.’ శుక్రవారం ఉదయానికి బరువు రాలేదు. 11.40కి `harvest_summary_v2.xlsx` అనే ఫైలు పదకొండు పూర్తి వరుసలతో, ఒక ఖాళీ వరుసతో వెళ్లింది. ఆ గడిలో ఊహించిన అంకె వేసి ఉంటే ఫైలు నిండుగా కనిపించేది, కానీ అది నిజమైనదో కాదో తరువాత ఎవరికీ తెలిసేది కాదు. సోమవారం రైతు ఫోనులో బరువు చెప్పారు. ఆ వరుస నింపి మూడో వెర్షను పంపడానికి పది నిమిషాలు పట్టింది.

‘ఈఓడీ లోపు పంపు’ అంటే ఎవరి సాయంత్రం?

ఎండ్ ఆఫ్ డే అంటే ఆ రోజు పని ముగిసే వేళ. మీరూ, అడిగినవారూ నెల్లూరులోనే ఉంటే సాయంత్రం 5.30 అనుకోవచ్చు. కొనుగోలుదారు న్యూయార్కులో ఉండి ‘శుక్రవారం ఈఓడీ’ అంటే, వాళ్ల సాయంత్రం ఐదు గంటలు మనకు చలికాలంలో శనివారం తెల్లవారుజాము 3.30, వాళ్లు గడియారం ముందుకు జరుపుకునే మార్చి రెండో ఆదివారం నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా 2.30. అందువల్ల మెసేజిలో ‘శుక్రవారం సాయంత్రం 5.30, మన టైము’ అని రాయించుకోండి.

ఫాలో అప్, టచ్ బేస్, లూప్ ఇన్ అన్నవి కూడా వింటున్నాను. అవి?

ఫాలో అప్ అంటే అడిగినదాని కోసం మళ్లీ అడగడం. టచ్ బేస్ అంటే ఒకసారి పలకరించి సంగతి తెలుసుకోవడం. దీనికి గడువు ఉండదు. ‘ఆయన్ను లూప్ చెయ్’ అంటే ఆ మెయిల్లో ఆయన్ను కూడా చేర్చమని. చేర్చే ముందు, ఆ మెయిలు గొలుసులో కింద ఉన్న పాత మాటలు ఆయన చదవవలసినవేనా అని ఒకసారి చూసుకోండి.

అర్థం కాకపోతే తెలుగులో అడగవచ్చా? చులకన చేస్తారేమో?

మా ఆఫీసులో అందరం అడిగేది తెలుగులోనే. పెద్ద నగరంలోని ఆఫీసులో అయినా ‘మీరు అన్నది నాకు అర్థమైనంతవరకు ఇది, సరేనా?’ అని మీ మాటల్లో తిరిగి చెబితే ఎవరూ తప్పుపట్టరు. ‘డెలివరబుల్ అంటే ఏమిటి సార్?’ అని నిఘంటువు అర్థం అడిగితే మీకు దొరికేది ఆ మాటకు అర్థం; ‘శుక్రవారం 12కు ఒకే ఎక్సెల్ ఫైలు, సరేనా సార్?’ అని అడిగితే మీ పనికి అర్థం దొరుకుతుంది. నేను రెండోదే చేయమంటాను.

మీరు కూడా ఈ మాటలు వాడాలా అంటే, వాడినప్పుడల్లా అందులో ఉండవలసిన అంకెనో, తేదీనో, మనిషినో పక్కనే చేర్చండి. ‘బ్యాండ్‌విడ్త్ లేదు’ అనే బదులు ‘శుక్రవారం దాకా రెండు గంటలే ఉన్నాయి’ అనండి.

కాలేజీ లాగ్ బుక్‌లో ఈ మాటలు రాయవచ్చా?

‘టీమ్‌తో సింక్ అయ్యాను, డెలివరబుల్స్ మీద పనిచేశాను’ అని రాసిన లాగ్ బుక్కులు నా దగ్గరికి సంతకానికి వస్తుంటాయి. వాటిని వెనక్కి ఇచ్చి మళ్లీ రాయమంటాను, ఎందుకంటే మీ మాస్టారు దానిని చదివి మీరు ఏం నేర్చుకున్నారో తెలుసుకోలేరు. మన అబ్బాయి ఆ వారం లాగ్ బుక్‌లో రాసినది: ‘పన్నెండు రొయ్యల గుంటల రోజువారీ లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించాను. బరువును బట్టి సగటు కౌంట్ వేయడం నేర్చుకున్నాను. ఒక గుంటకు బరువు దొరకనందున ఆ వరుస ఖాళీగా ఉంచి పంపాను, సోమవారం పూరించాను.’ దాని కింద నేను ఆ పూటే సంతకం చేశాను.